గంటకు నూటయాభై ఎందుకు చాలదు?

నెలకు 30,000 జీతం వదిలేసి సొంతంగా లోగోలు చేయడం మొదలుపెట్టిన డిజైనర్ ఆ జీతాన్ని 200 గంటలతో భాగించి, గంటకు 150 రూపాయలు చాలనుకుంటాడు. తప్పంతా ఆ భాగహారంలోనే ఉంది. కొటేషన్లు పంపడం, ఫోన్లు మాట్లాడటం, బాకీల కోసం తిరగడం పోగా బిల్లు వేయగలిగేవి మహా అయితే 100 గంటలు. ల్యాప్‌టాప్, సాఫ్ట్‌వేర్, కరెంటు, నెట్ అన్నీ కలిపి ఓ పదివేల ఖర్చు ఇప్పుడు తన నెత్తినే. అంటే 40,000ను 100తో భాగించాలి. గంటకు 400.

పది గంటల పనే కదా అని లోగోను 1,500కు గుత్తగా ఒప్పుకున్నాడనుకోండి. "తమ్ముడూ, ఆ రంగు కాస్త మార్చు" అంటూ క్లయింటు ఆరుసార్లు తిప్పితే ఇరవై గంటలవుతుంది. గిట్టేది గంటకు 75. రెండు సవరణలు కలుపుకుని 15 గంటలు లెక్కగట్టి 6,000 అడగాలి. మూడో సవరణ నుంచి గంటల లెక్క అని ముందే రాసుకోవాలి. సగం అడ్వాన్సు సరేసరి, మొహమాటం పనికిరాదు.

పని ఎంతుందో తేలనప్పుడు, పాత వెబ్‌సైటు మరమ్మతులాంటి వాటికి, గంటల లెక్కే నయం. కానీ చెయ్యి తిరిగాక అదే లోగో ఎనిమిది గంటల్లో అయిపోతుంది. అప్పుడు గంటల లెక్కన వచ్చేది 3,200. గుత్తకైతే ఆ 6,000 అలాగే ఉంటుంది.