ఆధారం ఎంతవరకో వాదన అంతవరకే

కాలేజీ డిబేట్‌లో ‘ఓటు వేయడం తప్పనిసరి చేయాలి’ అన్న అంశం ఇచ్చారనుకుందాం. మీది అనుకూల పక్షం, మాట్లాడేది ఐదు నిమిషాలు. ప్రసంగమంతా రాసి బట్టీ పడితే ఒక్క వాక్యం మరిచిపోగానే నోరు పెగలదు. దానికంటే రెండు వాదనలు తీసుకుని ఒక్కోదానికి ఆధారం, ఎదుటివాళ్లు అడగబోయేదానికి జవాబు విడివిడి కాగితాల మీద రాసుకోవడం నయం.

మొదటి కాగితం మీద చాలామంది ‘ఈ చట్టం వస్తే ప్రజాస్వామ్యం బాగుపడుతుంది’ అని రాస్తారు. దాని కింద ఆస్ట్రేలియా లెక్క చూపిస్తారు. అక్కడ 1922 ఎన్నికల్లో పోలింగ్ 60 శాతం లోపే. 1924లో ఓటు తప్పనిసరి చేశారు. 1925లో అది 91 శాతం దాటింది. లెక్క గట్టిదే. కానీ అది చెప్పేది జనం బూత్‌కి వచ్చారని మాత్రమే, పాలన మెరుగుపడిందని కాదు. తెలివైన ప్రత్యర్థి సరిగ్గా అక్కడే పట్టుకుంటాడు. అందుకే వాదనను ‘చట్టం పోలింగ్‌ను పెంచుతుంది’ అన్నంతవరకే ఉంచాలి. చిన్నదిగా కనిపిస్తుంది కానీ ఎవరూ కదపలేరు.

మరి మనకు ఆ చట్టం అవసరమా అన్నది రెండో వాదన. 2024 లోక్‌సభ ఎన్నికల్లో హైదరాబాద్ స్థానంలో సగంమంది కూడా ఓటు వేయలేదని ఆధారం చూపిస్తారు. ఇందులో ఒక చిక్కుంది. ఆంధ్రప్రదేశ్‌లోనూ పోలింగ్ అదే మే 13న. ‘నగరంలో ఉండే ఎందరో సొంతూరికి వెళ్లి ఓటేశారు, వాళ్లలో రెండుచోట్లా పేర్లున్నవాళ్లు లేరా?’ అని అడిగితే ఏం చెబుతారు? ఆ ప్రశ్న రాకముందే ‘జాబితాల్లో తప్పులుండొచ్చు, అవి సరిచేయడం కూడా ఈ చట్టంలో భాగం కావాలి’ అని మీరే అనేయడం మంచిది.

ఇక ఖండన. ఎదుటివాళ్ల మాటను వీలైనంత బలంగా రాసుకోవాలి, తేలిక చేసి రాసుకుంటే వేదిక మీద పనికిరాదు. ‘ఓటు వేయకపోవడం కూడా నా హక్కే’ అంటారు. జవాబు: 2013 సుప్రీంకోర్టు తీర్పుతో ఈవీఎంల మీదికి నోటా వచ్చింది, బూత్‌కి రమ్మనడం ఒకరికి ఓటేయమనడం కాదు. అంతకంటే గట్టి దెబ్బ గుజరాత్‌ది. స్థానిక సంస్థల్లో ఓటు తప్పనిసరి చేసిన చట్టం అమలును 2015లో అక్కడి హైకోర్టు నిలిపేసింది. దీన్ని బుకాయించి లాభం లేదు. ‘అవును, స్టే ఇచ్చింది. స్టే అంటే తుది తీర్పు కాదు’ అని ఒప్పుకుంటూనే, మినహాయింపులు ఉండాలన్న మీ ప్రతిపాదనకు రావాలి. ఆస్ట్రేలియాలో సరైన కారణం చెప్పినవారికి జరిమానా ఉండదన్నది అక్కడ పనికొస్తుంది.

ఈ ఖండన కాగితాలను వరుసలో చదవక్కర్లేదు. ప్రత్యర్థులు గుజరాత్ ఊసే ఎత్తకపోతే దాన్ని బయటికి తీయకండి. మిగిలిన ఆ నిమిషాన్ని మొదటి వాదనకు ఇవ్వండి.