పన్నెండు గంటల పనికి పది రోజులెందుకు?

దుకాణాలకు బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ చేసిపెట్టే ఒక చిన్న కంపెనీ ఉందనుకుందాం. బిల్లు మీద కొనేవారి జీఎస్టీ నంబరు కూడా పడాలని ఓ షాపు యజమాని అడిగాడు. అడిగిన పది పనిదినాలకు ఆ మార్పు ఆయన చేతికొచ్చింది. రోజుకు ఎనిమిది గంటల చొప్పున 80 గంటలన్నమాట. లెక్క తేలిగ్గా ఉంటుందని కల్పించిన ఉదాహరణే గానీ, ఐటీ ఉద్యోగులకు ఇది కొత్త కథేమీ కాదు.

ఆ 80 గంటల్లో ఎవరైనా నిజంగా ఈ పని మీద కూర్చున్నది ఎంతసేపు? ఏం కావాలో అర్థం చేసుకోవడానికి ఒక గంట, కోడ్ రాయడానికి ఐదు గంటలు, సీనియర్ చూడటానికి ఒక గంట, ఆయన చెప్పినవి సరిచేయడానికి ఇంకో గంట, టెస్టింగుకు మూడు, విడుదలకు ఒకటి. మొత్తం 12 గంటలు. మిగతా 68 గంటలూ పని ఎవరి చేతిలోనూ లేదు. ఎవరో ఒకరు తీసుకునేదాకా 24 గంటలు, సీనియర్‌కు తీరిక దొరికేదాకా 12, టెస్టర్ దగ్గర వరుసలో 16, విడుదల చేసే రోజు వచ్చేదాకా మరో 16 గంటలు ఊరికే పడి ఉంది.

పన్నెండును ఎనభైతో భాగిస్తే 15 శాతం. దీన్నే ఫ్లో ఎఫిషియెన్సీ అంటారు. మొదలు నుంచి చివరిదాకా పట్టిన కాలంలో అసలు పని జరిగిన వాటా ఎంతో ఇది చెబుతుంది.

ఆలస్యమైందనగానే మేనేజర్లు సాధారణంగా ఏం చేస్తారు? కోడ్ రాసేవాడి వెంట పడతారు. సరే, అతను రెట్టింపు వేగంతో రాశాడనుకుందాం. ఐదు గంటల పని రెండున్నర గంటల్లో అయిపోయింది. 80 గంటలు కాస్తా 77.5 అయ్యాయి. షాపు యజమానికి ఆ తేడా తెలియను కూడా తెలియదు. అదే, రాసిన కోడ్‌ను సీనియర్ మర్నాటికి వదిలేయకుండా ఒక్క పూటలో చూసేస్తే, టెస్టర్ దగ్గర నిరీక్షణ సగానికి తగ్గితే, ఏకంగా రెండు రోజులు కలిసొస్తాయి. ఎవరూ ఒక్క నిమిషం కూడా ఎక్కువ కష్టపడనక్కర్లేదు.

మరి ఆ వరుసలు ఎందుకు పేరుకుంటాయి? ఎవరూ ఖాళీగా ఉండకూడదన్న పట్టుదల వల్లే చాలావరకు. పనులు ఒక క్రమంలో రావు, ఒక్కోటి ఒక్కో సైజులో ఉంటుంది. అలాంటప్పుడు టెస్టర్ సమయంలో 80 శాతం పనితో నిండి ఉంటే, కొత్తగా వచ్చిన పని సగటున, ఒక పనికి పట్టే సగటు కాలానికి నాలుగింతలు వరుసలో ఆగుతుందని క్యూ సిద్ధాంతంలోని అతి సరళమైన నమూనా చెబుతుంది. 90 శాతం నిండితే తొమ్మిదింతలు. 95 అయితే పంతొమ్మిదింతలు. నిజమైన ఆఫీసులో అంకెలు ఇంత కచ్చితంగా రావు గానీ, తీరు మాత్రం ఇదే. చివరి పది శాతం తీరికను పిండుకోబోయి పనులన్నిటినీ క్యూలో నిలబెడతాం. అందుకే, ఒక్కో దశలో ఒకేసారి ఇన్ని పనులే ఉండాలని హద్దు పెట్టుకోమంటారు కాన్బన్ పద్ధతి వాళ్లు.

ఈ శాతం లెక్కగట్టడంలో ఒక ఉచ్చు ఉంది. పనుల బోర్డు మీద ‘రివ్యూలో ఉంది’, ‘టెస్టింగులో ఉంది’ అని గడులుంటాయి. కార్డు ఆ గడిలో ఉన్నంతసేపూ పని జరుగుతున్నట్టే సాఫ్ట్‌వేర్ లెక్కేస్తుంది. మన ఉదాహరణలో సీనియర్ కోసం, టెస్టర్ కోసం ఆగిన 28 గంటలూ అలా పనిలో కలిసిపోతే 12 గంటలు 40 అవుతాయి. 15 శాతం కాస్తా 50 శాతమై కూర్చుంటుంది! మీ దగ్గర ఈ శాతం మరీ ముచ్చటగా కనిపిస్తుంటే ముందు ఇదే అనుమానించండి. ప్రతి గడినీ ‘చేస్తున్నవి’, ‘ఆగినవి’ అని రెండుగా చీల్చితే నిజం బయటపడుతుంది. అదీ కుదరకపోతే రోజూ ఒకే వేళకు బోర్డు ముందు నిలబడి, ఒక్కో కార్డు చూపించి ‘ఇప్పుడు దీని మీద ఎవరున్నారు?’ అని అడగండి. కొన్ని వారాలు టిక్కులు పెడితే, ఉజ్జాయింపుగానైనా నిజమైన వాటా తెలుస్తుంది.

ఇంకో మెలిక. ఇందాక కోడ్ రెట్టింపు వేగంతో రాసినప్పుడు శాతం ఏమైందో చూడండి. 77.5 గంటల్లో పని 9.5 గంటలే, అంటే 12 శాతం చిల్లర. పని త్వరగా పూర్తయింది, శాతం మాత్రం పడిపోయింది! ఇదే అంకెను టార్గెట్‌గా పెడితే జనం నిదానంగా పనిచేసి దాన్ని పెంచి చూపించగలరు. కాబట్టి ఈ శాతంతో జట్లను పోల్చకండి, ఇంక్రిమెంట్లను దీనికి అసలే ముడిపెట్టకండి. పని ఎక్కడ ఆగుతోందో కనిపెట్టడానికి వాడుకోండి చాలు. మెరుగుపడ్డామా లేదా అన్నది మాత్రం, అడిగిన రోజు నుంచి అందిన రోజుదాకా ఎన్ని రోజులు పట్టిందో చూసి తేల్చుకోండి.