ఎక్కువ వేసిన బిల్లు: ఇంగ్లిషు ఫిర్యాదులో ఏం రాయాలి, లెక్క ఎలా కట్టాలి

“నేనేమీ వాడలేదండీ, అయినా డబ్బులు కట్ చేశారు. ఆ సర్వీసు తీసేయండి.” మొబైల్ బిల్లు ఎక్కువొచ్చినప్పుడు కస్టమర్ కేర్‌కు ఫోన్ చేసి మనలో చాలామంది అనే మాటలివే. తెలుగులో వింటే అందులోని బాధ అర్థమవుతుంది. కానీ అవతల ఉద్యోగి ఆ మాటల్ని ఇంగ్లిషులో ఒక్క వాక్యం చేసి కంప్యూటర్‌లో ఎక్కించినా, ఇంట్లో పిల్లలు ఉన్నదున్నట్టు ఇంగ్లిషులోకి మార్చి మెయిల్ పంపినా, అసలు అడగాల్సింది అందులో ఉండదు. “వాడలేదు” అంటే, వాడినా వాడకపోయినా సర్వీసుకు చార్జీ ఉంటుందని జవాబొస్తుంది. “తీసేయండి” అంటే సర్వీసు ఆపేసి, ఫిర్యాదు పరిష్కారమైందని మెసేజ్ పంపిస్తారు. డబ్బు సంగతి ఎక్కడా నమోదు కాదు.

ఒక కేసు తీసుకుని చూద్దాం. గుంటూరులో బట్టలు కుట్టే ఒకావిడకు నెలకు ₹399 పోస్ట్‌పెయిడ్ ప్లాన్ ఉందనుకుందాం. 18 శాతం జీఎస్టీ ₹71.82 కలిపి ప్రతి నెలా ₹470.82 కడుతుంది. బిల్లు 5వ తేదీ నుంచి మరుసటి నెల 4వ తేదీ వరకు. జూన్ 20 నుంచి రోజుకు ₹4 చొప్పున ఒక వినోదం సర్వీసు మొదలైంది. ఆవిడ దాన్ని కోరలేదు. ఆగస్టు 16న ఆపించింది. జూన్–జులై బిల్లు చూసుకోకుండా మొత్తం కట్టేసింది. జులై–ఆగస్టు బిల్లు దగ్గర అనుమానం వచ్చి మామూలు ₹470.82 మాత్రమే కట్టింది. దాంతో మూడో బిల్లులో ₹100 ఆలస్య రుసుము పడింది.

ముందు తెలుగులోనే సరిచేయాలి

ఇంగ్లిషులో పెట్టేముందు ఆవిడ మాటను తెలుగులోనే తేల్చుకోవాలి. ఆవిడ చెప్పాల్సింది “వాడలేదు” అని కాదు, “నేను కోరలేదు, ఒప్పుకోలేదు” అని. ఎందుకంటే నియమం ఒప్పుకోలు గురించే ఉంది. అదనపు చార్జీ సర్వీసు ఏదైనా మొదలుపెట్టాలంటే వినియోగదారు రెండుసార్లు అంగీకారం తెలపాలని, రెండో అంగీకారం తర్వాతే చార్జీ వేయాలని టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ 2013 జులైలో ఆదేశించింది. కాబట్టి ఫిర్యాదులో అడగాల్సిన మొదటి ప్రశ్న ఇది: నా రెండో అంగీకారం ఏ తేదీన, ఏ సమయానికి, ఏ రూపంలో అందింది? రికార్డు చూపించండి. ఆ రికార్డు చూపలేకపోతే చార్జీకి ఆధారం లేనట్టే. ఒకవేళ ఫోన్‌తో ఆడుకుంటున్న పిల్లలు రెండుసార్లూ నొక్కి ఉంటే, రికార్డు కంపెనీ వైపే మాట్లాడుతుంది. అందుకే ఫిర్యాదు రాయకముందే ఇంట్లో ఒకసారి అడిగి తెలుసుకోవడం మంచిది.

“పోయిన నెల” అన్న మాట కూడా పనికిరాదు. కంపెనీకి నెల అంటే 5 నుంచి 4 వరకు. తేదీలు రాయాలి. “తీసేయండి” అన్నది కనెక్షన్ తీసేయమన్నట్టు కూడా చదవొచ్చు కాబట్టి సర్వీసు పేరు బిల్లులో ఎలా ఉంటే అలాగే, అక్షరం మార్చకుండా రాయాలి. “డబ్బులు కట్ చేశారు” బదులు ఏ బిల్లులో, ఏ పద్దు కింద, ఎంత అన్నది చెప్పాలి. ఇలా తేల్చుకున్న తెలుగును ఇంగ్లిషులోకి మార్చడం పదో తరగతి పిల్లలకూ కష్టం కాదు. పొట్టి వాక్యాలు చాలు.

లెక్క ఎక్కడ తప్పుతుంది

సర్వీసు రోజులు లెక్కపెడదాం. మొదటి బిల్లులో జూన్ 20 నుంచి జులై 4 దాకా 15 రోజులు, ₹60. రెండో దాంట్లో 31 రోజులు, ₹124. మూడో దాంట్లో ఆగస్టు 5 నుంచి 16 దాకా 12 రోజులు, ₹48. మొత్తం ₹232. దీనిమీద జీఎస్టీ ₹41.76 కలిపితే ₹273.76. ఆలస్య రుసుము కూడా ఈ చార్జీ వల్లే పడింది కాబట్టి జీఎస్టీతో కలిపి ₹118 చేర్చాలి. వెరసి ₹391.76.

చాలామంది ఈ దారిలో రారు. ప్రతి బిల్లు అడుగున ఉన్న మొత్తంలోంచి మామూలు బిల్లు తీసేసి, తేడాలు కూడుతారు. మొదటి బిల్లు ₹541.62, తేడా ₹70.80. రెండోది ₹617.14, తేడా ₹146.32. మూడో బిల్లు అడుగున మాత్రం ₹791.78 ఉంటుంది, తేడా ₹320.96. మూడూ కూడితే ₹538.08. ఇది తప్పు. రెండో బిల్లులో కట్టకుండా ఆపిన ₹146.32 పాత బకాయిగా మూడో బిల్లులోకి వచ్చి కూర్చుంది. అంటే అదే సొమ్మును రెండుసార్లు లెక్కేశాం. అది తీసేస్తే మళ్లీ ₹391.76 వస్తుంది. రెండు దారుల్లోనూ ఒకే అంకె వచ్చిందంటే లెక్క కుదిరినట్టు. కుదరని లెక్కతో ఫిర్యాదు చేస్తే, కంపెనీ ఆ తప్పు చూపించి మొత్తాన్ని తోసిపుచ్చడానికి వీలిచ్చినట్టవుతుంది.

ఇంకొక మెలిక ఉంది. ₹391.76 అంతా “తిరిగి ఇవ్వండి” అనకూడదు. ఆవిడ జేబులోంచి నిజంగా పోయింది మొదటి బిల్లులోని ₹70.80 మాత్రమే. మూడో బిల్లుకు కూడా మామూలు ₹470.82 కట్టేసిందంటే, మిగిలిన ₹320.96 ఇంకా కట్టని బకాయి. కాబట్టి ఫిర్యాదు చివర రెండు కోరికలు విడివిడిగా రాయాలి: ₹70.80 తిరిగి జమ చేయాలి, ₹320.96 బకాయి రద్దు చేయాలి. రెండోది రాయకపోతే ఆ బకాయి మీద మళ్లీ ఆలస్య రుసుము పడుతుంది, ఔట్‌గోయింగ్ కూడా ఆపేయొచ్చు.

పంపిన తర్వాత

ఫిర్యాదు చేయగానే ఎస్సెమ్మెస్‌లో వచ్చే డాకెట్ నంబరు దాచుకోవాలి. నమోదైన విషయం ఏమిటో ఉద్యోగిని చదివి వినిపించమనాలి. అందులో డబ్బు మాట లేకపోతే అక్కడే చేర్పించాలి. జవాబు నచ్చకపోయినా, గడువులోగా రాకపోయినా 30 రోజుల్లోపు కంపెనీలోని అప్పిలేట్ అథారిటీకి ఉచితంగా అప్పీలు చేసుకోవచ్చు. టెలికాం లెక్కలో ఆంధ్రప్రదేశ్, తెలంగాణ ఇప్పటికీ ఒకే సర్కిల్. ట్రాయ్ విడి ఫిర్యాదులు విచారించదు. అప్పీలులోనూ తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్ ఉంది. టెలికాం సేవల ఫిర్యాదులు ఆ కమిషన్లు వినవచ్చని సుప్రీంకోర్టు 2022 ఫిబ్రవరిలో స్పష్టం చేసింది.

కంపెనీ ఒప్పుకుని డబ్బు సర్దినప్పుడు కూడా తర్వాతి బిల్లు చూడాలి. సర్వీసు ₹232, ఆలస్య రుసుము ₹100 కలిపి ₹332 మాత్రమే తగ్గించి, వాటిమీద వేసిన జీఎస్టీ అలాగే ఉంచేస్తే ఇంకా ₹59.76 రావాలి. పాత డాకెట్ నంబరు చెప్పి ఆ సొమ్మునూ అడగాలి.