ఒకే పేరు, రెండు విలువలు

ఈ నాలుగు వరుసలు చూడండి. ప్రాసెసర్‌కు ఇచ్చే ఆదేశాలను లెక్కల రూపంలో రాశాను. X0, X1 లాంటివి రిజిస్టర్లు, అంటే ప్రాసెసర్ తన చేతికందే దూరంలో ఉంచుకునే కొద్దిపాటి నిల్వ గదులు.

```
1:  X0 = X1 / X2
2:  X3 = X0 + X1
3:  X1 = X4 * X5
4:  X0 = X1 * X2
```

రెండో వరుస మొదటిదాని కోసం ఆగాల్సిందే. భాగహారం ఫలితం రాకుండా దాన్ని దేనితోనూ కూడలేం. నాలుగో వరుసకు మూడోది కావాలి, అదీ అంతే. ఇవి నిజమైన ఆధారాలు. కానీ మొదటి రెండు వరుసలకూ చివరి రెండు వరుసలకూ లెక్కలో ఏ సంబంధమూ లేదు. రెండు జంటలూ విడివిడిగా, ఒకేసారి నడవచ్చు. అడ్డొచ్చేది పేర్లు మాత్రమే. మూడో వరుస X1లో కొత్త విలువ రాయాలి, కానీ అందులోని పాత విలువను రెండో వరుస ఇంకా చదవలేదు. నాలుగో వరుస X0లో రాయాలి, మొదటి వరుస కూడా అందులోనే రాయాలి. ఎవరు ముందు రాస్తే ఎవరి విలువ మిగులుతుంది? ఇలా పేరు వల్ల మాత్రమే పుట్టే బంధాన్ని తప్పుడు ఆధారం అంటారు. దాన్ని గుర్తుపట్టడానికి ఒక సులువైన పరీక్ష ఉంది. రిజిస్టర్లు కావలసినన్ని ఉన్నాయనుకుని, ప్రతి ఫలితానికీ ఒక కొత్త పేరు పెట్టి చూడండి. అప్పటికీ ఆగక తప్పకపోతే ఆ ఆధారం నిజం, ఆగనక్కర్లేకపోతే తప్పుడుది.

1960లలో రెండు అమెరికన్ కంపెనీలు ఈ చిక్కును రెండు దారుల్లో ఎదుర్కొన్నాయి.

కంట్రోల్ డేటా కార్పొరేషన్ 1964లో తెచ్చిన సీడీసీ 6600 ఆనాటికి ప్రపంచంలోకెల్లా వేగమైన కంప్యూటర్. సేమర్ క్రే, జేమ్స్ థార్న్‌టన్‌ల బృందం దాన్ని రూపొందించింది. అంత చిన్న బృందం తమను మించిపోయిందని ఐబీఎం అధిపతి థామస్ వాట్సన్ జూనియర్ 1963లోనే తన వాళ్లకు ఒక లేఖ రాశారు. 6600లో పది పని విభాగాలు ఉండేవి. వాటిలో గుణకారానికి రెండు, భాగహారానికి ఒకటి, దశాంశ సంఖ్యల కూడికకు ఒకటి. క్లాక్ సైకిల్ 100 నానోసెకన్లు. కూడికకు 4 సైకిళ్లు, గుణకారానికి 10, భాగహారానికి 29 పట్టేవి. భాగహారం సాగుతున్నంతసేపూ మిగతా తొమ్మిది విభాగాలు ఖాళీగా కూర్చుంటే పది విభాగాలు పెట్టి ప్రయోజనం లేదు. అందుకని థార్న్‌టన్ ఒక పర్యవేక్షక పట్టిక పెట్టారు. దాని పేరే స్కోర్‌బోర్డ్.

ఏ విభాగం పనిలో ఉంది, అది ఏ రిజిస్టర్లను చదవాలి, ఫలితాన్ని ఏ రిజిస్టర్‌లో రాయాలి, చదవాల్సిన విలువ ఇంకా రాకపోతే దాన్ని ఏ విభాగం తయారు చేస్తోంది అన్నవి ఈ పట్టికలో నమోదవుతాయి. దాన్ని చూసుకుంటూ మూడు చోట్ల ఆపాల్సి వస్తుంది. కావలసిన విభాగం ఖాళీగా లేకపోయినా, ఫలితం రాయాల్సిన రిజిస్టర్‌ను అప్పటికే మరో విభాగం రాయడానికి పట్టుకుని ఉన్నా ఆదేశాన్ని గుమ్మంలోనే ఆపేస్తుంది. లోపలికి వచ్చాక, చదవాల్సిన రెండు విలువలూ సిద్ధమయ్యేదాకా ఆపుతుంది. లెక్క పూర్తయ్యాక కూడా, రాయాల్సిన చోట ఉన్న పాత విలువను చదవాల్సిన వారెవరైనా మిగిలి ఉంటే రాయనివ్వదు. థార్న్‌టన్ వీటిని మొదటి, రెండో, మూడో తరహా ఘర్షణలు అన్నారు.

ఇప్పుడు మన నాలుగు వరుసలను 6600 సమయాలతో నడిపిద్దాం. ఆదేశాలు లోపలికి రావడానికి పట్టే చిన్న జాప్యాలను వదిలేద్దాం. భాగహారం సున్నాలో మొదలై 29లో ముగుస్తుంది. రెండో వరుస లోపలికొచ్చి X0 కోసం కాచుకుని ఉంటుంది. మూడో వరుసకు అడ్డేమీ లేదు, వెంటనే మొదలై 10వ సైకిల్‌కల్లా గుణకారం ముగించేస్తుంది. కానీ X1లో రాయలేదు, రెండో వరుస ఇంకా పాత X1ను చదవలేదు కదా.

ఈ యంత్రపు అసలు బలహీనత ఇక్కడే ఉందని నాకనిపిస్తుంది. రెండో వరుసకు కావలసిన X1 మొదటి నుంచీ సిద్ధంగానే ఉంది. అయినా స్కోర్‌బోర్డ్ పద్ధతిలో రెండు విలువలూ సిద్ధమయ్యాకే రెండింటినీ కలిపి చదువుతారు, ఒకదాన్ని ముందుగా తీసుకుని దాచుకునే చోటు లేదు. అందుకే రెండో వరుస తాను వాడని X1ను 29 సైకిళ్లు పట్టుకుని కూర్చుంటుంది. దాని వల్ల పని ముగిసిన గుణకార విభాగం కూడా ఖాళీ కాకుండా ఫలితాన్ని చేతిలో పట్టుకుని నిలబడుతుంది. ఇక నాలుగో వరుస గుమ్మం కూడా దాటలేదు, X0ను భాగహారం పట్టుకుంది కనుక. ఆదేశాలు వరుసక్రమంలోనే లోపలికి రావాలి కాబట్టి ఐదు, ఆరు, ఏడు వరుసలు ఏ సంబంధం లేకపోయినా దాని వెనకే నిలబడాలి. 29వ సైకిల్‌లో భాగహారం ఫలితం వచ్చాక చిక్కుముడి విడుతుంది. రెండో వరుస 33లో, నాలుగో వరుస 39లో ముగుస్తాయి.

అయినా 6600కు ఈ పద్ధతి సరిపోయింది. దాంట్లో లెక్కల కోసం ఎనిమిది X రిజిస్టర్లు ఉండేవి. ప్రోగ్రాం రాసేవారు మూడో వరుస ఫలితాన్ని X6లో, నాలుగోదాన్ని X7లో పెట్టి ఉంటే తప్పుడు ఆధారాలు పుట్టేవే కావు. ఐబీఎంకు ఆ వెసులుబాటు లేదు. 1964లో ప్రకటించిన సిస్టమ్/360 కుటుంబంలో చిన్న యంత్రానికి రాసిన ప్రోగ్రాం పెద్ద యంత్రంలోనూ నడవాలి. ఆ కుటుంబమంతటికీ దశాంశ లెక్కల కోసం నిర్ణయించిన రిజిస్టర్లు నాలుగే. వాటి సంఖ్య పెంచితే పాత ప్రోగ్రాంలతో పొత్తు చెడుతుంది. 6600కు దీటుగా మోడల్ 91ను తయారు చేస్తున్న ఇంజనీర్లకు, నాలుగు పేర్లనే పదేపదే వాడే ప్రోగ్రాంలను వేగంగా నడపాల్సిన పని పడింది. వారిలో రాబర్ట్ టొమాసులో ఒకరు. ఆయన కనిపెట్టిన పద్ధతి 1967 జనవరిలో ఐబీఎం పరిశోధన పత్రికలో వచ్చింది.

ఒకే ఊళ్లో ఇద్దరు వెంకటేశ్వర్లు ఉంటే మనం ఇంటిపేరుతో పిలుస్తాం. టొమాసులో విలువలకు ఇంటిపేరు పెట్టారు. ప్రతి పని విభాగం ముందు రిజర్వేషన్ స్టేషన్లు అనే చిన్న గదులు ఉంటాయి. మోడల్ 91లో కూడిక విభాగానికి మూడు, గుణకార భాగహారాల విభాగానికి రెండు ఉండేవి. ఆదేశం వచ్చి ఒక స్టేషన్‌లో కూర్చుంటుంది. దానికి కావలసిన విలువ రిజిస్టర్‌లో సిద్ధంగా ఉంటే అప్పుడే నకలు తీసుకుంటుంది. సిద్ధంగా లేకపోతే, ఆ విలువను ఏ స్టేషన్ తయారు చేయబోతోందో ఆ స్టేషన్ గుర్తును రాసుకుంటుంది. ఆ గుర్తే ట్యాగ్, మోడల్ 91లో దానికి నాలుగు బిట్లు చాలాయి. తాను ఫలితం రాయాల్సిన రిజిస్టర్ మీద ఆదేశం తన స్టేషన్ ట్యాగ్‌ను అంటించి, అప్పటిదాకా ఉన్న ట్యాగ్‌ను చెరిపేస్తుంది.

అవే నాలుగు వరుసలను, అవే విభాగాలతో, అవే సమయాలతో ఇలా నడిపిద్దాం. మొదటి వరుస భా1 అనే స్టేషన్‌లో చేరుతుంది, X0 మీద భా1 అని ట్యాగ్ పడుతుంది. రెండో వరుస కూ1లో చేరుతుంది. X1 విలువను వెంటనే నకలు తీసుకుంటుంది, X0 బదులు భా1 అని రాసుకుంటుంది. ఆ క్షణం నుంచి X1తో దానికి పని లేదు. మూడో వరుస గు1లో చేరి X1 మీద గు1 అని అంటిస్తుంది, అడ్డు చెప్పేవారు లేరు. నాలుగో వరుస గు2లో చేరి, X1 కోసం గు1 అని రాసుకుని, X2 నకలు తీసుకుని, X0 మీదున్న భా1ను చెరిపి గు2 అని రాస్తుంది. ఎవరూ గుమ్మంలో ఆగలేదు.

ఫలితం తయారైన స్టేషన్ దాన్ని తన ట్యాగ్‌తో కలిపి కామన్ డేటా బస్ మీద అందరికీ వినిపించేలా ప్రకటిస్తుంది. 10వ సైకిల్‌లో గు1 ప్రకటిస్తే X1 రిజిస్టర్, గు2 స్టేషన్ రెండూ ఒకేసారి అందుకుంటాయి. 20వ సైకిల్‌లో గు2 ప్రకటిస్తే X0 అందుకుంటుంది. 29వ సైకిల్‌లో భా1 ప్రకటిస్తుంది. దానికోసం చూస్తున్నది కూ1 ఒక్కటే. X0 మీద భా1 అనే ట్యాగ్ ఇప్పుడు లేదు కనుక అది ఆ విలువను పట్టించుకోదు. ప్రోగ్రాంలో X0లో రాయమన్న భాగహార ఫలితం X0లోకి అసలు వెళ్లనే లేదు, అవసరమైన చోటికి నేరుగా చేరింది. రెండో వరుస ముగిసేది 33లోనే, నిజమైన ఆధారాన్ని ఏ పద్ధతీ తప్పించలేదు. కానీ నాలుగో వరుస 39 బదులు 20లోనే ముగిసింది, వెనకున్న వరుసలకు దారి దొరికింది.

దీనికి ఖరీదు ఉంది. బస్ మీద ప్రతి ప్రకటననూ ప్రతి స్టేషనూ, ప్రతి రిజిస్టరూ తన ట్యాగ్‌తో పోల్చి చూడాలి, దానికి చాలా సర్క్యూట్లు కావాలి. ఒకే సైకిల్‌లో ఇద్దరు ముగిస్తే ఒకరు ఆగాలి. అంతకన్నా పెద్ద ఇబ్బంది మరొకటి ఉంది. 29వ సైకిల్ దగ్గరికొచ్చాక X2 సున్నా అని తేలి భాగహారం విఫలమైందనుకుందాం. ప్రోగ్రాం మొదటి వరుస దగ్గర ఆగిపోవాలి. కానీ అప్పటికే మూడో వరుస X1ను, నాలుగో వరుస X0ను మార్చేశాయి. తప్పు జరిగిన క్షణంలో యంత్రం ఏ స్థితిలో ఉందో తిరిగి కూర్చడం కుదరదు. మోడల్ 91లో ఇలాంటి అంతరాయం వచ్చినప్పుడు తప్పు ఏ ఆదేశంలో జరిగిందో కచ్చితంగా చూపించలేకపోయేది. ప్రోగ్రాంలో లోపం వెతికేవారికి అది నరకం.

1985లో జేమ్స్ స్మిత్, ఆండ్రూ ప్లెష్‌కున్ ప్రచురించిన రీఆర్డర్ బఫర్ దీనికి మందు. లెక్కలు ఏ క్రమంలో ముగిసినా, ఫలితాలు ప్రోగ్రాం క్రమంలోనే ఖాయమవుతాయి. మొదటి వరుస విఫలమైతే తర్వాతి వాటి ఫలితాలను పారేస్తే సరిపోతుంది. ఇది తోడయ్యాక టొమాసులో ఆలోచన 1990లలో ఒక్క చిప్‌లోకి తిరిగొచ్చింది. 1995 నాటి ఇంటెల్ పెంటియం ప్రోలో ప్రోగ్రాంకు కనిపించే సాధారణ రిజిస్టర్లు ఎనిమిదే, లోపల కొత్త పేర్లు పెట్టడానికి 40 గదులు. మిప్స్ ఆర్10000లో పూర్ణ సంఖ్యల రిజిస్టర్లు పేరుకు 32, లోపల 64.

ఆర్10000 తరహాలో ట్యాగ్ స్టేషన్‌ది కాదు, లోపలి రిజిస్టర్‌దే. మన వరుసలు లోపలికి వెళ్లేటప్పుడే ఇలా మారిపోతాయి:

```
1:  P1 = X1 / X2
2:  P2 = P1 + X1
3:  P3 = X4 * X5
4:  P4 = P3 * X2
```

ఏ పేరూ రెండుసార్లు రాయబడదు. X0 అంటే ఇప్పుడు P4, X1 అంటే P3 అని ఒక పట్టిక గుర్తుంచుకుంటుంది. ఇంకా కొత్త ఫలితం రాని X1, X2 లాంటివి కూడా నిజానికి పాత లోపలి రిజిస్టర్లే, చదవడానికి వీలుగా అలాగే రాశాను. P1ను మళ్లీ ఎప్పుడు వాడుకోవచ్చు? X0కు కొత్త అర్థం ఇచ్చిన నాలుగో వరుస క్రమంలో ఖాయమైనప్పుడు. అప్పటికి దానికన్నా ముందున్న రెండో వరుస కూడా ఖాయమైపోయి ఉంటుంది కాబట్టి P1ను చదవాల్సిన వారెవరూ మిగలరు. ఖాళీ రిజిస్టర్లు అయిపోతే మాత్రం, 6600లో లాగానే కొత్త ఆదేశం గుమ్మంలో ఆగాలి.