నాలుగు పిక్సెల్స్ తేడాతో మా తాత వేరే మనిషయ్యాడు!

ఫొటోలో పద్నాలుగు మంది ఉన్నాం. పదముగ్గురు కెమెరా వైపు చూస్తున్నారు. తాత ఒక్కడే పక్కకి చూస్తున్నాడు. స్టేజీ కింద చిన్న మనవరాలు చెప్పులు చేతిలో పట్టుకుని పరిగెత్తుతుంటే ఆయన చూపు అటు పోయింది.

మిర్యాలగూడలో మా చిన్నమ్మ కూతురి పెళ్లి. పెళ్లైన రెండు వారాలకే చెల్లెలు, బావ డాలస్ వెళ్లిపోయారు. ఆ పద్నాలుగు మందీ మళ్లీ ఒక్క చోట ఎప్పుడు నిలబడతారో ఎవరికీ తెలీదు. అందుకే సూర్యాపేటలో అమ్మమ్మ వాళ్ల ఇంటి హాల్లో పెట్టడానికి పెద్ద ఫ్రేమ్ కట్టించాలని అందరూ అనుకున్నారు. ‘నువ్వు సాఫ్ట్‌వేరే కదా, తాత కళ్లు కొంచెం ఇటు తిప్పు’ అని చిన్నమ్మ పని నాకు అప్పజెప్పింది.

ఒక గంట పని అనుకున్నా. మూడు రాత్రులు పట్టింది, అదీ తప్పుగా చేశాను. ఎక్కడ తప్పు చేశానో చెప్తాను, ఎందుకంటే ఇలాంటి ఫొటో ఒక్కటైనా మీ ఫోన్లోనూ ఉండే ఉంటుంది.

మొదటి తప్పు: వాట్సాప్ ఫొటో

నేను మొదట ఎడిట్ చేసింది ఫ్యామిలీ గ్రూపులో వచ్చిన ఫొటోని. దాని వెడల్పు 1600 పిక్సెల్స్. జూమ్ చేస్తే తాత నల్లగుడ్డు అడ్డంగా ఐదు పిక్సెల్స్ కూడా లేదు. అంత చిన్న చుక్కని ఎంత జరిపినా అది చూపులా కనిపించదు, మచ్చలా కనిపిస్తుంది. ఫొటోగ్రాఫర్‌కి ఫోన్ చేసి ఒరిజినల్ తెప్పించాను. అది 6000 పిక్సెల్స్ వెడల్పు. అందులో నల్లగుడ్డు 18 పిక్సెల్స్ వచ్చింది.

ఈ 18 అనే అంకె చాలా పనికొస్తుంది. పెద్దవాళ్లెవరికైనా నల్లగుడ్డు అడ్డంగా దాదాపు 12 మిల్లీమీటర్లు ఉంటుంది, మనిషికీ మనిషికీ పెద్ద తేడా ఉండదు. అంటే ఫొటోలో స్కేలు పెట్టి కొలిచినట్టే. 12ని 18తో భాగిస్తే ఒక పిక్సెల్ అంటే సుమారు 0.67 మిల్లీమీటర్లు.

కన్ను ఒక బంతి లాంటిది. తిరిగే కేంద్రం నుంచి నల్లగుడ్డు దాదాపు 10 మిల్లీమీటర్లు ముందు ఉంటుంది. కన్ను 15 డిగ్రీలు పక్కకి తిరిగితే నల్లగుడ్డు 2.6 మిల్లీమీటర్లు జరుగుతుంది. మా ఫొటోలో అది నాలుగు పిక్సెల్స్. అంటే తాత చూపు మొత్తం నాలుగు పిక్సెల్స్ లోపలే ఉంది! ఒక్క పిక్సెల్ తప్పు జరిపితే చూపు దాదాపు నాలుగు డిగ్రీలు పక్కకి పోతుంది. మన వైపు చూస్తున్నాడా, మన చెవి వెనక ఎవరినో చూస్తున్నాడా అన్న తేడా అంత చిన్నది.

రెండో తప్పు: నల్లగుడ్డుని మధ్యలో పెట్టడం

నల్లగుడ్డుని కత్తిరించి, నాలుగు పిక్సెల్స్ జరిపి, సరిగ్గా కంటి మధ్యలో పెట్టాను. ఖాళీ అయిన చోట తెల్లగుడ్డు నింపాను. చూస్తే తాత ఇంకా పక్కకే చూస్తున్నాడు!

కారణం తెలుసుకోవడానికి రెండు వందల ఏళ్లు వెనక్కి వెళ్లాల్సి వచ్చింది. 1824లో విలియం హైడ్ వోలాస్టన్ అనే ఇంగ్లిష్ శాస్త్రవేత్త బొమ్మల్లో కళ్ల చూపు గురించి ఒక పేపర్ రాశాడు. గీసిన కళ్లని అలాగే ఉంచి, చుట్టూ ఉన్న ముఖాన్ని వేరే వైపు తిరిగినట్టు మారిస్తే, అవే కళ్లు వేరే వైపు చూస్తున్నట్టు కనిపిస్తాయని చూపించాడు. మనం చూపుని కళ్లలో మాత్రమే చదవం. ముక్కు ఎటు ఉందో, చెంప ఎంత కనిపిస్తుందో కూడా కలిపి చదువుతాం.

తాత కళ్లు మాత్రమే కాదు, తల కూడా సుమారు పది డిగ్రీలు మనవరాలి వైపు తిరిగి ఉంది. నల్లగుడ్డు కంటి మధ్యలో ఉంటే చూపు ముక్కు ఉన్న దిక్కుకే పోతుంది. కెమెరా వైపు రావాలంటే మధ్య దాటి ఇంకో రెండు మూడు పిక్సెల్స్ ఇటు జరగాలి. జరిపాను. చూపు వచ్చింది. కానీ ఓరకంటితో చూస్తున్నట్టు వచ్చింది, పెళ్లి ఫొటోలో ఎవరి మీదో అలిగినట్టు.

చూపు పక్కకి పోతే ఇంత కష్టం. ఫోన్ చూసుకుంటూ కిందికి చూస్తున్న మనిషైతే ఇంకా కష్టం. కళ్లు కిందికి వాలితే పై రెప్ప కూడా కిందికి దిగుతుంది. అప్పుడు నల్లగుడ్డుని జరిపితే సరిపోదు, రెప్పని పైకి లేపాలి, దాని కింద అసలు ఫొటోలో లేని కన్నంతా గీయాలి.

మూడో తప్పు: కన్నుని తిప్పి అతికించడం

మూడో రాత్రి ఒక షార్ట్‌కట్ దొరికింది. కుడి కన్ను బాగానే వచ్చింది కాబట్టి దాన్నే కాపీ చేసి, అద్దంలో బొమ్మలా తిప్పి, ఎడమ కన్ను మీద అతికించాను. రెండు కళ్లూ సమానం, చూపు తిన్నగా వచ్చింది. నాకు బాగా నచ్చింది. ల్యాప్‌టాప్ పట్టుకుని సూర్యాపేట పోయాను.

తాత కళ్లద్దాలు పెట్టుకుని చాలాసేపు చూశాడు. ‘ఎవర్రా ఈయన?’ అన్నాడు.

అమ్మమ్మ వెంటనే పట్టేసింది. ‘మీ తాతకు ఎడమ కన్ను జర బయటికి ఉంటది కద బిడ్డా. నువ్వు సక్కగ జేసినవ్. ఈయన మా ఇంటాయన లెక్క లేడు.’

నిజమే. తాతకి చిన్నప్పటి నుంచీ కొద్దిగా మెల్ల. ఇరవై ఎనిమిదేళ్లుగా ఆ ముఖం చూస్తున్నా, మెల్ల ఉందని నాకు విడిగా ఎప్పుడూ తోచలేదు. అది నాకు తాత ముఖం, అంతే. తీసేశాకే తెలిసింది.

మెల్ల లేకపోయినా ఈ షార్ట్‌కట్ పనిచేయదు. ఎవరి రెండు కళ్లూ ఒకేలా ఉండవు, ఒక రెప్ప కాస్త వాలి ఉంటుంది, ఒక కన్ను కాస్త చిన్నది. ఇంకో గుర్తు కంట్లో మెరిసే తెల్ల చుక్క. అది లైటు ప్రతిబింబం. ఫొటోగ్రాఫర్ లైటు ఒక పక్కన పెడితే రెండు కళ్లలోనూ చుక్క ఒకే పక్కన పడుతుంది. మా ఫొటోలో అందరికీ గడియారంలో పది గంటల ముల్లు దగ్గర ఉంది. నేను కన్ను తిప్పేసరికి తాత ఎడమ కంట్లో అది రెండు గంటల దగ్గరికి వెళ్లింది. ఎడిట్ చేసిన ఫొటోని అనుమానించాలంటే ముందు ఈ చుక్కలే చూడండి, పక్కవాళ్ల కళ్లతో పోల్చండి.

కోదాడలో పది నిమిషాల్లో

ఆ ఆదివారం కోదాడ బస్సెక్కాను. పెళ్లికి ఫొటోలు తీసినాయన స్టూడియో అక్కడే. నా ఎడిట్ చూసి నవ్వి, ‘కళ్లు గీస్తరా సార్ ఎవరన్న? అడుక్కోవాలె’ అన్నాడు. అర్థం కాలేదు. హార్డ్ డిస్క్ తీసి ఆ ఫోల్డర్ తెరిచాడు.

అదే గ్రూపుని వరసగా నాలుగు సార్లు తీశాడట. మొదటి దాంట్లో ముగ్గురు కళ్లు మూశారు. రెండోది మాకు పంపినది, అందరూ బాగున్నారు, తాత తప్ప. మూడో దాంట్లో పెళ్లికూతురు తల వంచుకుంది, మామ మాట్లాడుతున్నాడు, కానీ తాత మాత్రం నేరుగా కెమెరా వైపు చూస్తున్నాడు. ఎడమ కన్ను, ఎప్పటిలాగే, కాస్త బయటికి.

ఆయన చేసింది ఇదీ. ఫొటోషాప్‌లో రెండో ఫొటో కింద, మూడోది దాని పైన, రెండు లేయర్లుగా పెట్టాడు. చేతిలో కెమెరా ఉన్నప్పుడు ఫ్రేమ్‌కీ ఫ్రేమ్‌కీ కొంచెం కదులుతుంది కాబట్టి `Auto-Align Layers` నొక్కి రెండిటినీ ఒకదాని మీద ఒకటి కూర్చోబెట్టాడు. పై లేయర్‌కి నల్ల మాస్క్ వేశాడు, అంటే మొత్తం దాచేశాడు. తర్వాత మెత్తటి తెల్ల బ్రష్‌తో తాత తల ఉన్న చోట మాత్రమే రుద్దాడు. అక్కడ మూడో ఫొటో బయటికి వచ్చింది.

కళ్లు ఒక్కటే ఎందుకు తీసుకోలేదని అడిగాను. తల అదే కోణంలో ఉంటే కనుబొమల నుంచి బుగ్గ ఎముక వరకు తీసుకుంటే చాలట. తల తిరిగి ఉంటే మొత్తం తల తీసుకోవాలి. వోలాస్టన్ పేరు ఆయన వినలేదు, కానీ ఆయన చెప్పిందీ అదే. అతుకు ఎక్కడ పెట్టాలన్నది అసలు పనితనం. మెడ చర్మం మీద పెడితే రంగు తేడా పట్టిస్తుంది. ఆయన తెల్ల చొక్కా కాలర్ అంచున పెట్టాడు. అక్కడ ఎలాగూ ఒక గీత ఉంది, కన్ను దాన్ని ప్రశ్నించదు. మూడో ఫ్రేమ్‌లో ఫ్లాష్ కాస్త తగ్గింది. పక్కనున్న మామ నుదురు రెండు ఫ్రేముల్లో ఎలా ఉందో పోల్చి, తాత తలని `Curves`తో అంతే వెలుగు పెంచాడు.

మొత్తం పది నిమిషాలు. అందులో ఒక్క పిక్సెల్ కూడా గీసింది లేదు. అంతా తాతదే, రెండు సెకన్ల తర్వాతి తాత.

2023 అక్టోబర్‌లో పిక్సెల్ 8 ఫోన్‌తో గూగుల్ తెచ్చిన ‘బెస్ట్ టేక్’ వెనకున్న ఆలోచన కూడా ఇదే. వెంటవెంటనే తీసిన ఫొటోల నుంచి ఒక్కొక్కరి ముఖాన్ని ఎంచుకోనిస్తుంది. అరువు తెచ్చుకోవడానికి ఇంకో ఫొటో లేకపోతే అదీ పనిచేయదు.

మరి ఎన్ని తీయాలి?

దీనికి ఒక లెక్క ఉంది. ఆస్ట్రేలియా సీఎస్ఐఆర్ఓకి చెందిన నిక్ స్వెన్సన్, పియర్స్ బార్న్స్ అనే ఇద్దరు, గ్రూప్ ఫొటోలో ఎవరూ కళ్లు మూయకుండా ఒక్కటైనా రావాలంటే ఎన్ని తీయాలో లెక్కగట్టారు. 2006లో దీనికి ఇగ్ నోబెల్ కూడా వచ్చింది. ఇరవై మంది లోపు అయితే, వెలుతురు బాగుంటే మనుషుల సంఖ్యని మూడుతో భాగించాలి, వెలుతురు తక్కువైతే రెండుతో. మా పద్నాలుగు మందికి ఫంక్షన్ హాల్లో ఏడు.

అది రెప్పల లెక్క, చూపుల లెక్క కాదు. రెప్ప క్షణంలో తెరుచుకుంటుంది, మనవరాలి మీద పడ్డ చూపు అంత త్వరగా తిరిగిరాదు. అందుకే ఏడూ ఒకే బర్స్ట్‌లో తీయొద్దు. మూడు తీసి, ఒకసారి పేరు పెట్టి పిలిచి, మళ్లీ నాలుగు తీయండి. కాళ్లు కదపకుండా, జూమ్ మార్చకుండా తీస్తే తర్వాత అతకడం తేలిక. ఫొటోగ్రాఫర్ తీసినవైతే, ఆల్బమ్ అయిపోయి కార్డులు ఖాళీ చేయకముందే ‘ఆ గ్రూపు ఫొటోవి అన్ని ఫ్రేములూ ఇవ్వండి’ అని అడగండి. నేను ఇంకో నెల ఆగి ఉంటే ఆ మూడో ఫ్రేమ్ ఉండేది కాదట.

ప్రింట్ ఫ్రేమ్ కట్టించి సూర్యాపేట తీసుకెళ్లాను. తాత మళ్లీ కళ్లద్దాలు పెట్టుకుని చూశాడు. ‘ఆ, గిది నేనే’ అన్నాడు. కాసేపాగి అడిగాడు. ‘పోరి ఉరుకుతుంటే జూసిన ఫొటో పారేసినవా?’

పారేయలేదు. అది చిన్న సైజులో ప్రింట్ తీయించా. తాత మంచం పక్కన గోడకి అదే ఉంది.