ఏ గరుకుకు ఏ యాసిడ్?

మందుల షాపు అరల్లో గ్లైకోలిక్, లాక్టిక్, శాలిసిలిక్ సీరమ్‌లు ఇప్పుడు పక్కపక్కనే కనిపిస్తున్నాయి. చాలామంది చూసేది సీసా మీది శాతాన్నే. 5 కంటే 10 బాగా పనిచేస్తుందనుకుని అదే కొంటారు. అంతకంటే ముందు చూసుకోవాల్సింది చర్మం ఎక్కడ గరుకుగా ఉంది, ఎందుకు గరుకైంది అన్నది.

గుంటూరు ఎండలో రోజూ స్కూటీ మీద ఆఫీసుకు వెళ్లే ముప్పై ఏళ్ల అమ్మాయిని ఊహించుకుందాం. చామనఛాయ. ముక్కు మీద వేలు పెడితే సన్నని గింజలు తగులుతాయి, మధ్యాహ్నానికల్లా జిడ్డు తేలుతుంది. చెంపలు పొడిబారి కళ తప్పాయి. జబ్బల వెనక రోమాల మొదళ్లలో చిన్న చిన్న పొక్కులున్నాయి. ఒకే మనిషికి మూడు రకాల గరుకు, మూడింటికీ కారణాలు వేరు.

ముక్కు మీద అసలు సమస్య రంధ్రం లోపల ఉంది. జిడ్డూ మృతకణాలూ కలిసి అక్కడ గడ్డకట్టుకుపోయాయి. శాలిసిలిక్ నూనెలో కరుగుతుంది కాబట్టి ఆ జిడ్డులోకి చొరబడగలదు. ఎర్రదనాన్ని కూడా కొంత తగ్గిస్తుంది. ఇంట్లో వాడుకోవడానికి 2 శాతం చాలు. అదే చెంపలకూ రాస్తే మాత్రం పొడిదనం ఇంకా పెరుగుతుంది. ఆస్పిరిన్ పడనివాళ్లు, గర్భిణులు డాక్టర్‌ని అడక్కుండా దీని జోలికి వెళ్లకూడదు.

చెంపల సంగతి వేరు. పై పొరలోని మృతకణాలు సమంగా రాలక ఎగుడుదిగుడుగా పేరుకుంటే వెలుతురు చెదిరిపోతుంది, ముఖం వాడినట్టు కనిపిస్తుంది. ఆ కణాల మధ్య పట్టును గ్లైకోలిక్, లాక్టిక్ రెండూ సడలిస్తాయి. గ్లైకోలిక్ అణువు మరీ చిన్నది, త్వరగా లోపలికి దిగుతుంది. అందుకే ఫలితమూ తొందరగా కనిపిస్తుంది, మంటా ఎక్కువే. ఎండకు మొద్దుబారి, దేనికీ చురుక్కుమనని చర్మానికి అది నప్పుతుంది. లాక్టిక్ కాస్త నెమ్మది. పైగా చర్మం తనంతట తాను తేమను పట్టి ఉంచుకునే పదార్థాల్లో లాక్టేట్ కూడా ఒకటి. ఈ అమ్మాయి పొడి చెంపలకు నేనైతే 5 శాతం లాక్టిక్‌తోనే మొదలుపెట్టమంటాను. జబ్బల మీది పొక్కులకు 12 శాతం అమ్మోనియం లాక్టేట్ లోషన్ ఉంది. కొన్ని వారాలు రాయాలి, ఆపేస్తే పొక్కులు మళ్లీ వస్తాయి.

ఇక శాతం సంగతి. చర్మం మీద పనిచేసేది ప్రధానంగా లవణంగా మారకుండా మిగిలిన యాసిడ్. అది ఎంత మిగులుతుందో పీహెచ్ చెబుతుంది. పీహెచ్ 3.8 దగ్గర గ్లైకోలిక్‌లో దాదాపు సగం అలా ఉంటుంది, 4.8 దగ్గర పదో వంతే. అంటే పీహెచ్ 4.8 ఉన్న 10 శాతం సీసాలో పనిచేసేది సుమారు 1 శాతం. పీహెచ్ 3.8 ఉన్న 5 శాతం సీసాలో అది దాదాపు రెండున్నర. చిన్న అంకె ఉన్న సీసాయే గట్టిది! అందుకే పీహెచ్ రాయని సీసాలను నేను నమ్మను.

మన అమ్మాయి ఇవేవీ చూడకుండా 10 శాతం గ్లైకోలిక్ కొని రోజూ రాత్రి రాసింది, ఆదివారాలు స్క్రబ్ కూడా పెట్టి రుద్దింది అనుకుందాం. పది రోజులకు ముఖం మెరుస్తుంది. మోసం చేసేది ఈ మెరుపే. బిగుసుకుపోయినట్టు నున్నగా, ప్లాస్టిక్ కాగితంలా మెరుస్తుంటే అది నిగారింపు కాదు, పై పొర దెబ్బతింది. పరీక్ష తేలిక. రోజూ వాడే మామూలు మాయిశ్చరైజరే చురుక్కుమంటోందా? అయితే యాసిడ్ శ్రుతి మించింది. అయినా ఆపకపోతే చామనఛాయ చర్మంలో ఆ మంట తగ్గాక నల్లమచ్చ మిగులుతుంది, అది పోవడానికి నెలలు పడుతుంది. కళ కోసం మొదలుపెట్టి మచ్చలు తెచ్చుకోవడమంటే ఇదే.

అప్పుడు యాసిడ్లు, స్క్రబ్, రెటినాల్ అన్నీ ఆపేయాలి. వాసన లేని మెత్తటి క్లెన్సర్, సెరమైడ్ క్రీమ్, పగలు సన్‌స్క్రీన్ చాలు. చురుకు పూర్తిగా పోయి, ఆ తర్వాత ఇంకో రెండు వారాలు గడిచాకే లాక్టిక్. ముందుగా చెవి వెనక కొన్ని రాత్రులు రాసి చూసుకోవాలి. తర్వాత వారానికి రెండు రాత్రులు, బాగా ఆరిన ముఖానికి. ముక్కుకు శాలిసిలిక్ మరో రాత్రి.

గ్లైకోలిక్, లాక్టిక్ వాడినన్నాళ్లూ, ఆపాక మరో వారం దాకా, చర్మం ఎండకు తేలిగ్గా కందుతుంది. డాక్టర్ చూడకుండా తెల్లబడటానికని స్టెరాయిడ్ కలిసిన క్రీములు రాసుకుంటున్నవాళ్లు ఈ మూడింటిలో దేన్నీ ముట్టుకోవద్దు. వాళ్ల చర్మం అప్పటికే పలచబడి ఉండొచ్చు. ముందు ఆ ట్యూబు తీసుకుని చర్మవ్యాధి నిపుణుల దగ్గరికి వెళ్లాలి.