దుకాణం ఇద్దరిది.. బాకీ ఎవలిది?

బావ, బామ్మర్ది కలిసి సిద్దిపేట లాంటి టౌన్‌ల పైపులు, మోటర్ల దుకాణం పెట్టిన్రు అనుకుందాం. బావ 8 లక్షలు పెట్టిండు. బామ్మర్ది 2 లక్షలే పెట్టిండు కానీ, పొద్దుగాల షట్టర్ తీసుడు కాడికెళ్లి రాత్రి లెక్క చూసుడు దాకా పనంతా ఆయనదే. ‘మనోళ్ల మధ్య కాయితమెందుకు’ అని ఏం రాసుకోలే. మన ఊర్లల్ల పార్ట్‌నర్‌షిప్‌లు చానా మటుకు ఇట్లనే మొదలైతయ్.

కాయితం లేకున్నా అది పార్ట్‌నర్‌షిప్పే. 1932 నాటి భాగస్వామ్య చట్టం ఇయ్యాల్టికీ నడుస్తున్నది. మీరు రాసుకోకుంటే ఆ చట్టమే మీ తరఫున రాసి పెడ్తది. లాభమైనా, నష్టమైనా చెరి సగం. బావ పెట్టిన 8 లక్షలకు ఎక్కువ వాటా రాదు. బామ్మర్ది దినమంతా చేసిన చాకిరికి జీతం అడిగే హక్కు లేదు. ఇద్దరికీ ఇది అన్యాయంగనే అనిపిస్తది. కానీ రాసుకోనిది వాళ్లే కదా.

అసలు కత బాకీల కాడ మొదలైతది. బామ్మర్ది హైదరాబాద్ హోల్‌సేలర్ దగ్గర 12 లక్షల సామాను ఉద్దెర తెచ్చిండు. బావకు చెప్పలే. సీజన్ పోయింది, సరుకు అమ్ముడుపోలే. హోల్‌సేలర్ కోర్టుకు పోతే ‘నేను సంతకం పెట్టలే’ అన్న బావ మాట చెల్లదు. దుకాణం పని కోసం ఒక పార్ట్‌నర్ చేసిన బేరం అందరినీ కట్టేస్తది. మొత్తం 12 లక్షలు ఒక్క బావ దగ్గరనే వసూలు చేసుకోవచ్చు. దుకాణంల ఆస్తి సరిపోకుంటే బావ సొంత ప్లాటు, బ్యాంకుల పైసలు కూడా లెక్కకొస్తయ్. సగమే కడ్తా అనేటందుకు లేదు. సగం వాటా అన్నది బావ, బామ్మర్ది మధ్య లెక్క, హోల్‌సేలర్‌కు దాంతోని పని లేదు.

ఒక్కరే నడిపే దుకాణమైతే, అంటే ప్రొప్రైటర్‌షిప్ అయితే, ఇక్కడ తేడా ఒక్కటే. అందుల కూడా బాకీ సొంత ఆస్తి దాకా వస్తది. కానీ అది నువ్వు చేసిన బాకీ. పార్ట్‌నర్‌షిప్‌ల వేరేటోడు చేసిన బాకీకి కూడా నీ ఇల్లు పూచీ.

ఇగ రివర్స్‌ల చూద్దాం. ఒక బిల్డర్ ఈ దుకాణానికి 9 లక్షలు బాకీ ఉన్నడు, ఇయ్యను పొమ్మన్నడు. కోర్టుల కేసేద్దామని పోతే వకీలు అడిగే మొదటి మాట ‘ఫర్మ్ రిజిస్టర్ అయ్యిందా?’ కాలేదంటే ఆ బాకీ కోసం సివిల్ దావా నడ్వదు. ఫర్మ్‌ను రిజిస్టర్ చెయ్యాలన్న జబర్దస్తీ చట్టంల లేదు. అందుకే ఎవ్వరూ పట్టించుకోరు. కానీ రిజిస్టర్ కాని ఫర్మ్ మీద బయటోళ్లు కేసెయ్యొచ్చు, ఫర్మ్ మాత్రం బయటోళ్ల మీద ఎయ్యలేదు. బావ, బామ్మర్ది ఒకరి మీద ఒకరు వాటా కోసం కొట్లాడుదామన్నా గిదే అడ్డం. ఫర్మ్‌ను బందు పెట్టి లెక్క తేల్చమని అడిగేటందుకే తలుపు తెరిచి ఉంటది.

చానా మంది పొరపాటు పడేది ఇక్కడనే. ఫర్మ్ పేరు మీద పాన్ ఉంది, జీఎస్టీ ఉంది, నోటరీ చేసిన స్టాంపు కాయితం ఉంది, ఇంకేం కావాలంటరు. అవేవీ ఫర్మ్ రిజిస్ట్రేషన్ కాదు. రిజిస్ట్రార్ ఆఫ్ ఫర్మ్స్ దగ్గర రిజిస్టర్ల పేరెక్కాలె, పార్ట్‌నర్లందరి పేర్లు అందుల ఉండాలె. ఆలస్యంగనైనా చేయించుకోవచ్చు, కానీ కేసేసే నాటికే అయ్యి ఉండాలె. కేసేసినంక రిజిస్టర్ చేస్తే ఆ కేసు బతకదు, మళ్ల కొత్తగ ఎయ్యాలె. ఇసొంటి బాకీలకు గడువు మామూలుగ మూడేండ్లే. ఆ లోపల తెల్వకుంటే 9 లక్షలు పోయినట్టే.

డీడ్ రాసుకునేటప్పుడు పన్ను సంగతి కూడా యాదిల పెట్టుకోవాలె. ఏడాదికి లాభం 9 లక్షలు అనుకోండి. ఒక్కరి దుకాణమైతే, వేరే ఆదాయం లేకుంటే, 2025-26 కొత్త పద్ధతిల ఆయనకు పన్ను సున్నా. ఫర్మ్‌కు మాత్రం శ్లాబులు లేవు, మొదటి రూపాయి నుంచే 30 శాతం, మీద సెస్సు. డీడ్‌ల పార్ట్‌నర్ల జీతం రాయకుంటే 9 లక్షల మీద 2,80,800 రూపాయలు కట్టాలె. అదే పనిచేసే పార్ట్‌నర్లకు జీతమని, ఎంతో, ఎట్ల లెక్కగట్టాల్నో రాసుకుంటే, ఈ లాభం మీద 7.2 లక్షల దాకా ఖర్చు కింద తీసేయొచ్చు. మిగిలిన 1.8 లక్షల మీద పన్ను 56,160 రూపాయలే. ఒక్క పేరా తేడాకు రెండు లక్షల పైన! అయితే జీతం దుకాణంల పనిచేసేటోళ్లకే నడుస్తది. పైసలు పెట్టి ఇంట్ల కూసున్న బావకు ఈ లెక్క వర్తించదు.

మరి కంపెనీ పెట్టొద్దా? ప్రైవేట్ లిమిటెడ్ అయితే కంపెనీ వేరే మనిషి లెక్క. హోల్‌సేలర్ బాకీ కంపెనీ ఆస్తితోనే ఆగుతది, బావ ప్లాటు జోలికి రాదు. వినెటందుకు మంచిగనే ఉంటది. కానీ చిన్న కంపెనీకి బ్యాంకు లోన్ ఇయ్యాలంటే డైరెక్టర్ల సొంత పూచీ సంతకం అడుగుతది. ఆ సంతకం పెట్టినంక ఆ లోన్ వరకు గోడ కూలినట్టే. కంపెనీ చెక్కు బౌన్స్ అయితే సంతకం పెట్టిన డైరెక్టర్ కూడా కోర్టు మెట్లెక్కాలె. వ్యాపారం ఎంత తక్కువున్నా ఏటా ఆడిట్ తప్పదు. ఏటా పంపాల్సిన ఫారాలు లేటైతే ఒక్కో ఫారానికి దినానికి 100 రూపాయల లెక్కన పెరుగుతది. పెద్ద సరుకు ఉద్దెర తెచ్చేటోళ్లకు, బయటి పెట్టుబడి కావాల్సినోళ్లకు ఈ ఖర్చు గిట్టుబాటు. టైలరింగ్ షాపుకు, కిరాణానికి నా లెక్కన దండుగే. నడిమధ్యల ఎల్‌ఎల్‌పీ అని ఇంకోటుంది, దాని సంగతి వేరే రోజు.

ఆఖరుకు ఎవ్వరూ ఎత్తని ముచ్చటొకటుంది. ఇద్దరే ఉన్న ఫర్మ్‌ల ఒకరు చనిపోతే ఫర్మ్ అక్కడికే ఐపోతది. ‘చనిపోయినా ఫర్మ్ నడుస్తది’ అని డీడ్‌ల రాసుకున్నా, మిగిలేది ఒక్కరే కాబట్టి అది పార్ట్‌నర్‌షిప్ కాదు. చనిపోయినాయన భార్యనో, పెరిగిన కొడుకో పార్ట్‌నర్‌గ చేరేటందుకు ఒప్పుకోవాలె. కంపెనీల అయితే షేర్లు వారసులకు పోతయ్, కంపెనీ అట్లనే ఉంటది. మన బావ, బామ్మర్ది చేయాల్సింది ముగ్గురో పార్ట్‌నర్‌ను ఇప్పుడే చేర్చుకునుడు. అక్కనో, చెల్లెనో ఎట్లాగూ ఇంట్లనే ఉంది. కాకుంటే ఆమె సంతకం పెట్టిన రోజు నుంచి ఆమె ఆస్తి కూడా ఆ ఫర్మ్ బాకీలకు పూచీ అని ముందుగాల చెప్పాలె.